బొమ్మ మీద చెయ్యి

కాగితం ముందుకు రాగానే ఆమె ముందు బొమ్మ మీద ఎడమ అరచెయ్యి పెడుతుంది. సబ్బయితే సబ్బు మీద, నవ్వే ముఖమయితే ముఖం మీద. ఆ తర్వాతే చదవడం మొదలుపెడుతుంది. బొమ్మ పెద్దదై చెయ్యి చాలకపోతే పాత కాలెండరు అట్ట ఒకటి ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుంటుంది. అందమైన ముఖం పక్కన నిలబడితే ఏ మాటైనా నిజంలాగే వినిపిస్తుందని ఆమె అంటుంది. అందుకే మాటను ఒంటరిగా నిలబెట్టి అడగాలి. నువ్వు చెప్పేది ఎవరు చూశారు? ఎక్కడ రాసి ఉంది?

టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న ఆ ప్రకటనల కంపెనీలో అందరూ ఆమెను నీళ్ళక్క అంటారు. ఆ పేరు పెట్టింది ప్రకటనలు రాసే మనిషి. అతన్ని కవి అంటారు. జుట్టు పలచబడుతోంది, పెన్సిలు చెవి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతుంటాడు.

"నేను చిక్కటి పాలు పంపిస్తాను. అక్క నీళ్ళు కలిపి వెనక్కి పంపిస్తుంది" అన్నాడు ఒకసారి అందరి ముందూ.

"నువ్వు పంపించేది పాలు కాదు, నురుగు" అంది ఆమె తల ఎత్తకుండా. "నేను ఊదేసి పంపిస్తున్నాను."

అందరూ నవ్వారు. అయినా పేరు మాత్రం నీళ్ళక్కగానే మిగిలింది.

ఆమె ఈ పనికి కావాలని రాలేదు. ముందు ఒక అచ్చాఫీసులో తప్పులు దిద్దేది. అక్షరం తప్పితే అక్షరం దిద్దాలి, అంతవరకే. ఒకరోజు పళ్ళపొడి ప్రకటన వచ్చింది. తప్పులేమీ లేవు. కాగితం అంచున "ఇది నిజమేనా?" అని రాసి పంపింది. యజమాని చిరాకు పడ్డాడు. పళ్ళపొడి వాళ్ళు మాత్రం ఆలోచనలో పడి ఆ వాక్యం మార్చుకున్నారు. ఆ తర్వాత ఎవరో ఎవరికో చెప్పగా ఈ కంపెనీ మేనేజరు ఆమెను పిలిచి అదే ప్రశ్న రోజంతా అడిగే పని ఇచ్చాడు.

రోజూ అడుగుతుంది. తలనూనె మీద "జుట్టు రాలడం గ్యారంటీగా ఆగుతుంది" అని ఉంటే, ఆగకపోతే ఏం చేస్తారని అడుగుతుంది. ఏమీ చెయ్యరని తేలితే గ్యారంటీ కొట్టేస్తుంది. కుక్కరు వాళ్ళు నిజంగానే పాడైతే బాగుచేసి ఇస్తామంటే ఆ మాట ఉంచుతుంది, కానీ ఏది పాడైతే, ఎన్నాళ్ళలోపు, బిల్లు చూపించాలా వద్దా అన్నది దాని పక్కనే, అంతే సైజు అక్షరాల్లో రాయమంటుంది. "నంబర్ వన్" కనిపిస్తే లెక్కపెట్టింది ఎవరని అడుగుతుంది. "డాక్టర్లు మెచ్చినది" అంటే ఏ డాక్టర్లు, ఏ కాగితం మీద? జవాబు ఉంటే మాట ఉంటుంది. లేకపోతే వస్తువు నిజంగా ఏం చేస్తుందో అదే మిగులుతుంది. ఆ నూనె చివరికి "తలకు రాసుకోవడానికి తేలికైన నూనె, జిడ్డు తక్కువ" అయింది.

"ఇది చదివి ఎవరు కొంటారక్కా?" అన్నాడు కవి.

"తల ఉన్నవాళ్ళు."

అన్నీ కొట్టేయదు. దిండు ప్రకటనలో "మేఘం మీద పడుకున్నట్టు" అని కవి రాస్తే అలాగే వదిలేసింది. మేఘాన్ని ఎవరూ కొలవరు, దాన్ని నమ్మి ఎవరూ మోసపోరు, ఉండనీ అంది. ఆ రోజు కవి అందరికీ టీ తెప్పించాడు.

ఇంట్లోనూ ఇదే వరస. పెళ్ళిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అని అడిగితే "ఇప్పటివరకు" అందట. అత్తగారు ఈ సంగతి పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి వాళ్ళ చుట్టాల దాకా అందరికీ చెప్పింది. భర్త రైళ్ళ మరమ్మతు షెడ్డులో పని చేస్తాడు. పగలంతా ఇంట్లో అత్తగారొక్కతే. కూర ఎలా ఉందని ఆవిడ అడిగితే కోడలు కాసేపు నమిలి, "ఈ పూట బాగుంది" అంటుంది. అంతకుమించి మెప్పు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఒకనాడు ఒక పెద్దాయన సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. దాల్చినచెక్క, అల్లం, నిమ్మగడ్డి ఎండబెట్టి, దంచి, కలిపి టీపొడి చేస్తున్నాడు. ఇన్నాళ్ళూ తెలిసినవాళ్ళకు ఇచ్చేవాడు, ఇప్పుడు కొట్లలో పెడదామని ఉంది. పొట్లం విప్పితే గదంతా మంచి వాసన వేసింది.

"మా ఆవిడకి దీంతోనే షుగర్ అదుపులోకి వచ్చిందమ్మా" అన్నాడు.

కవికి ఆ ఒక్క ముక్క చాలింది. మధ్యాహ్నానికల్లా కాగితం ఆమె బల్ల మీదకు వచ్చింది. షుగర్‌కు శాశ్వతంగా సెలవు. మాత్రలకు ఇక వీడ్కోలు. నయం చేసే నంబర్ వన్ టీ.

బొమ్మ ఇంకా లేదు, ఆమె నేరుగా చదివింది. చదివి, గీత గీసింది. గీత మూడు వాక్యాల మీదుగానూ వెళ్ళింది.

కవి కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. "సరే. 'నయం' తీసేస్తాను. 'షుగర్ తగ్గడానికి తోడ్పడవచ్చు' అందాం. 'వచ్చు' అన్నానుగా. ఇంకా ఎంత మెత్తగా చెప్పమంటావు?"

"అది మెత్తబడటం కాదు, గొంతు తగ్గించడం. జబ్బు పేరు అక్కడున్నంతసేపూ జబ్బున్నవాడికి మందులాగే వినిపిస్తుంది. పరీక్ష చేసిన కాగితాలున్నాయా?"

పెద్దాయన సంచీలోకి చూసుకున్నాడు, అందులో ఉంటాయేమోనన్నట్టు. "మా ఆవిడకి తగ్గింది కదమ్మా."

"మంచిదేనండి. కానీ ఆవిడ ఒక్కరు. ఇంకా ఏమేం చేశారో మనకు తెలీదు. మీరు అమ్మేది టీ. టీ అని చెప్పుకుందాం. నాకైతే వాసన నచ్చింది."

"అక్క నచ్చింది అంది!" అన్నాడు కవి. "అది రాసేద్దాం."

చివరికి మిగిలింది ఇది. దాల్చినచెక్క, అల్లం, నిమ్మగడ్డి కలిపిన టీ. చక్కెర లేకుండా కూడా తాగడానికి బాగుంటుంది. సాయంత్రం ఒక కప్పు.

పెద్దాయన దాన్ని రెండుసార్లు చదువుకుని, "ఇందులో అబద్ధమేం లేదు" అన్నాడు, కొంచెం దిగులుగా.

తర్వాత బొమ్మతో కలిపిన కరపత్రం వచ్చింది. ఆమె కాలెండరు అట్ట అడ్డం పెట్టి చదివింది. తను ఒప్పుకున్న మాటలే ఉన్నాయి, ఒక్క అక్షరం కూడా పెరగలేదు. మూలన సంతకం పెట్టింది. ఆ సంతకం పడితే ఇక అచ్చుకు వెళ్ళడమే. పెద్దాయన ఇచ్చిన పొట్లాన్ని, సంతకం పెట్టిన కాగితం నకలునూ సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. పొట్లం వంటింట్లో పెట్టింది. నకలు బల్ల మీద వదిలేసింది.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చింది. ఆఫీసు దగ్గరే, నడిచి వచ్చేస్తుంది. బంగాళాదుంప తొక్కలు పారేద్దామని చెత్తబుట్ట మూత ఎత్తింది. లోపల, తొక్కల మీద, అత్తగారి షుగర్ మాత్రల అట్ట వెండిలా మెరుస్తోంది. ఒక్క మాత్ర కూడా తీయలేదు. కింద ఇంకొకటి ఉంది.

"అత్తయ్యా, మాత్రలు బుట్టలో పడ్డాయి."

"పడలేదే. పారేశాను" అంది అత్తగారు ముందు గదిలోంచి.

"పారేశారా? ఎందుకు?"

"ఇంకెందుకు అవి? నీ టీ తాగుతున్నానుగా. పొద్దున్నొకటి, సాయంత్రం ఒకటి. చక్కెర కూడా వేసుకోవట్లేదు, కావాలంటే డబ్బా చూసుకో."

"మాత్రలు అక్కర్లేదని ఎవరన్నారు?"

"బాగానే అడిగావు. నువ్వే."

"నేనా?"

"ఫ్రిజ్ మీద చూడు."

కరపత్రం నకలు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. ఆమె దాని ముందు నిలబడింది. చెయ్యి అలవాటుగా సగం దాకా లేచి ఆగిపోయింది. ఆ బొమ్మను ఆమె చూడటం అదే మొదలు.

వంటింట్లో ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, తీర్చిన ముడి. ఒక చేతిలో టీ కప్పు. రెండో చెయ్యి మూత తెరిచిన చెత్తబుట్ట మీద. ఆ వేళ్ళ నుంచి మాత్రల అట్ట జారుతోంది. ఆవిడ నవ్వుతోంది.

మాత్రలకు ఇక వీడ్కోలు. ఆమె గీత గీసి కొట్టేసిన వాక్యం. ఒక్క అక్షరం లేకుండా తిరిగి వచ్చి కాగితంలో ముప్పాతిక వంతు ఆక్రమించుకుని కూర్చుంది.

"కింద రాసింది చదివారా అత్తయ్యా?"

"ఆ చీమల్ని ఎవరు చదువుతారే ఈ కళ్ళతో? శుక్లాలు వచ్చాయని నీకు తెలీదా? బొమ్మ చూశాను. ఆవిడ పారేసింది, హాయిగా నవ్వుతోంది. మూలన నీ సంతకం ఉంది. అది మాత్రం కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను." అత్తగారు కుర్చీలో సర్దుకుంది. "నా కూరకే వంక పెట్టేదానివి. నువ్వు సంతకం చేశావంటే అందులో వంక లేనట్టేగా. ఇంకొకళ్ళెవరైనా చెబితే నమ్మేదాన్నా?"

కోడలు అత్తగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆవిడ పెదవులు ఎండి ఉన్నాయి. మంచినీళ్ళ సీసా కుర్చీ కిందే ఉంది, ఖాళీగా.

"దాహం ఎక్కువగా ఉందా?"

"ఎండలు కదే."

"రాత్రిళ్ళు లేస్తున్నారా?"

"లేస్తే లేస్తున్నాను. నిన్ను లేపానా?"

షుగర్ చూసే చిన్న మిషను తీసి వేలి కొస నుంచి చుక్క తీసుకుంది. అంకె ఎప్పుడూ ఉండేదానికన్నా చాలా పైన ఉంది. డాక్టరమ్మకు ఫోన్ చేసింది. వాంతులేమైనా ఉన్నాయా, మగతగా ఉందా, ఊపిరి వేగంగా పీలుస్తోందా అని ఆవిడ అడిగింది. లేవని చెబితే, మాత్రలు మామూలుగా వేసుకునే లెక్కనే మొదలుపెట్టమంది, మానేసిన వాటిని కలిపి ఒక్కసారే వేయొద్దంది. అవేమైనా కనిపిస్తే వెంటనే తీసుకురమ్మంది. లేకపోతే రేపు పొద్దున పరగడుపున చూసి అంకె చెప్పమంది.

అత్తగారు మాత్ర మింగి, నీళ్ళు తాగి, కోడలి ముఖంలోకి చూసింది. "అంటే, ఆ బొమ్మలో ఆవిడది అబద్ధమా?"

"అవునత్తయ్యా."

"మరి సంతకం?"

"అది చూడకుండా పెట్టింది."

పక్కింటావిడను వచ్చి అత్తగారి దగ్గర కూర్చోమని చెప్పి, ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి ఆమె తిరిగి ఆఫీసుకు నడిచింది.

మేనేజరు గదిలో పెద్దాయన ఉన్నాడు, కవి ఉన్నాడు. నేల మీద కరపత్రాల కట్టలు. కొన్ని అప్పటికే వీధిలోని కొట్లకు చేరాయి, పెద్ద బ్యానర్లు ఆ సాయంత్రం అచ్చుకు వెళ్ళాలి. ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టి, "ఇది ఆపాలి" అంది.

మేనేజరు కాగితం తిప్పి చూసి మూలన వేలు పెట్టాడు. "మీ సంతకమే కదమ్మా ఇది?"

"నాదే. బొమ్మ చూడకుండా పెట్టాను. తప్పు నాది. మా అత్తయ్య అది చూసి మాత్రలు బుట్టలో వేసింది. షుగర్ పెరిగింది. మనిషి బాగానే ఉంది, మాత్ర వేసుకుంది. కానీ ఆ కొట్లలోంచి ఎవరెవరు తీసుకెళ్ళారో మనకు తెలీదు."

కవి చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బొమ్మ అలా వెయ్యమంది నేనే అక్కా" అన్నాడు. "మాటలన్నీ తీసేశావు. ఏదో ఒకటి మిగలాలి కదా అని... బొమ్మను నువ్వు ఎప్పుడూ ఏమీ అనవు. బొమ్మ విషయంలో నీకు పట్టింపు లేదనుకున్నాను."

"నువ్వలా అనుకునేలా చేసింది నా చెయ్యే."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"ఒక పని చేద్దాం" అన్నాడు మేనేజరు. "బొమ్మ ఉండనివ్వండి. అడుగున ఒక లైను కలుపుదాం. 'ఇది మందులకు బదులు కాదు' అని. అప్పుడు మన మీదికేం రాదు."

"చిన్న అక్షరాల్లోనేగా?"

"అడుగున అంటే చిన్నగానే ఉంటుంది మరి."

"బొమ్మ అంత పెద్దగా పారెయ్యమంటుంటే, కింద చీమలంత అక్షరాలు పారెయ్యొద్దంటే ఎవరికి వినిపిస్తుంది సార్? మా అత్తయ్య కళ్ళకు ఆ లైను లేనట్టే. బొమ్మలో బుట్ట పోవాలి, మాత్రలు పోవాలి. అంతా కలిపి చూసినవాడికి ఏం అర్థమవుతుందో అదే మనం చెప్పినట్టు లెక్క."

మేనేజరు తల గోక్కుని పెద్దాయన వైపు చూశాడు. కట్టలు ఆయనవి, కొట్లలో మాట ఇచ్చుకున్నదీ ఆయనే.

పెద్దాయన కరపత్రాన్ని చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా ఆవిడ మాత్రలు మానలేదమ్మా" అన్నాడు.

కవి పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

"టీ తాగుతుంది. మాత్ర కూడా వేసుకుంటుంది. సాయంత్రం నడుస్తుంది, అన్నం తగ్గించింది. ఇవన్నీ చేసింది. నేను మాత్రం టీ ఒక్కటే చెప్పుకుంటూ తిరిగాను. నేను చేసింది అదొక్కటే కదా మరి." కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కొట్లు ఈ వీధిలోనే ఉన్నాయి. పదండి, తెచ్చేసుకుందాం."

ఆమె, పెద్దాయన కలిసి బయలుదేరారు. కిరాణా కొట్టు, పాల కేంద్రం, మందుల షాపు. ప్రతిచోటా పెద్దాయన ముందు మాట్లాడాడు. క్లాసులో తప్పు లెక్క చెప్పి మర్నాడు దిద్దుకునే మాస్టారులా, తడబడకుండా, "మా కాగితంలో బొమ్మ తప్పు" అన్నాడు. మందుల షాపతను కట్ట తిరిగి ఇస్తూ ఆమె వైపు చూశాడు.

"నేనూ అనుకున్నాను. నా కౌంటరు మీదే పెట్టి, నా మాత్రలే పారెయ్యమంటున్నారేంటా అని."

"అనుకున్నప్పుడు చెప్పకపోయారా?" అంది ఆమె.

"మీ అంతటివాళ్ళు చూసే ఉంటారనుకున్నా."

అందరూ అలాగే అనుకున్నారు. ఆమె తల ఊపింది.

కవి కూడా వెనకే వచ్చాడు, అట్టలూ లావు మార్కరూ పట్టుకుని. ప్రతి కొట్టులోనూ అట్ట మీద రాసి అంటించాడు. ఈ టీ మందు కాదు. ముందు ఇచ్చిన కాగితంలో బొమ్మ తప్పు. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపకండి. అక్షరాలు రోడ్డు అవతలికి కూడా కనిపిస్తున్నాయి. పాల కేంద్రం వాడికి కాగితం తీసుకెళ్ళినవాళ్ళు కొందరు గుర్తున్నారు. పొద్దున పాలకు వస్తారు, చెబుతానన్నాడు. కిరాణా కొట్టాయనకు ఎవరూ గుర్తులేరు. ఆ కొట్టు ముందు ఆమె కాసేపు ఎక్కువగా నిలబడింది. చేయగలిగింది ఇంకేమీ కనిపించలేదు. రెండో అట్ట కూడా అక్కడే కట్టించింది, వచ్చేవాళ్ళకు ఎదురుగా.

చీకటి పడకముందే కవి కొత్త బొమ్మ తయారు చేయించి ఆమె బల్ల మీద పెట్టాడు. అరచెయ్యి ఎక్కడికి వెళుతుందా అని నిలబడి చూశాడు. ఆమె ఏ చెయ్యీ పెట్టలేదు. కాగితాన్ని సంచీలో వేసుకుంది.

"సంతకం?" అన్నాడు.

"రేపు."

"నీళ్ళు కలపవా?"

"ముందు ఒకళ్ళకు చూపించాలి."

మర్నాడు పొద్దున అత్తగారు లేవగానే వేలి కొస నుంచి చుక్క తీసి చూసింది. అంకె కొంచెం దిగింది. ఇంకా దిగాలి. డాక్టరమ్మకు చెప్పింది, మరో రెండు రోజులు రోజూ చూడమంది ఆవిడ. అత్తగారు టిఫిను తిని మాత్ర వేసుకుంది. కోడలు పక్కనే కూర్చుని, కొత్త కాగితాన్ని బల్ల మీద పరిచి, రాతంతా కప్పేలా అరచెయ్యి పెట్టింది. బొమ్మ ఒక్కటే బయట ఉంది.

"ఏం కనిపిస్తోంది అత్తయ్యా?"

అత్తగారు కాగితం దగ్గరికి వంగింది. అటూ ఇటూ తల తిప్పింది.

"టీ."

"ఇంకా?"

"కప్పు. పక్కన అల్లం ముక్కలా ఉంది. ఇంకేముంది? పొగ వస్తోంది, వేడిగా ఉన్నట్టుంది."

"ఏమైనా చెయ్యమంటోందా మిమ్మల్ని?"

"తాగమంటోంది. ఇంకేం చెయ్యమంటుంది, టీ బొమ్మ?" అత్తగారు కోడలి వైపు అనుమానంగా చూసింది. "పరీక్ష పెడుతున్నావా? పాసయ్యానా?"

"మీరు కాదు, అది."

చెయ్యి తీసింది. ఇప్పుడు రాతను చదివింది, బొమ్మతో కలిపి, మొదటి నుంచి చివరిదాకా. కలం తీసి మూలన సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించకుండా సంచీలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని ఆఫీసుకు బయలుదేరింది.